వాక్ లెక్కలో తూకాలు ఏ ధరకు వేయాలి?

(విశాఖపట్నం సిరిపురంలో సీఏ విద్యార్థులు, ఎగుమతి కంపెనీల అకౌంట్స్ సిబ్బంది కలిసి పెట్టుకున్న సమావేశంలో ఒక ఫైనాన్స్ సలహాదారు చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరులోనే ఎక్కించాం.)

అందరికీ నమస్కారం. నాకిచ్చిన టాపిక్ వెయిటెడ్ యావరేజ్ కాస్ట్ ఆఫ్ క్యాపిటల్. మనం పొట్టిగా వాక్ అనుకుంటాం. ఫార్ములా మీలో చాలామందికి నోటికి వచ్చు, అందుకని దాన్ని వివరిస్తూ గంట నింపను. బోర్డు మీద ఒకసారి రాసి పక్కన పెడతాను.

```
WACC = (E/V) × Ke + (D/V) × Kd × (1 − t)
V = E + D
```

E ఈక్విటీ విలువ, D అప్పు విలువ. Ke వాటాదారు ఆశించే రాబడి, Kd అప్పిచ్చినవాళ్లు అడిగే వడ్డీ, t పన్ను రేటు. అంతే.

ఈ ఫార్ములా చూడగానే మనవాళ్ల చర్చంతా ఆ చివరి బ్రాకెట్ మీదకు పోతుంది. పన్ను రేటు 25 వేయాలా, 30 వేయాలా, సెస్సు కలపాలా వద్దా అని. కలపాలి, అది వేరే సంగతి. కానీ నేను చూసిన ప్రాజెక్ట్ రిపోర్టుల్లో అసలు గండి పడేది అక్కడ కాదు, E, D అనే రెండు అక్షరాల దగ్గర. ఆ రెండింటినీ బ్యాలెన్స్ షీట్ నుంచి ఎత్తి రాసేస్తారు. ఎవరూ అడగరు కూడా, ఎందుకంటే ఆడిట్ అయిన అంకె కదా! ఆ అలవాటు ఎంత ఖరీదైనదో ఈరోజు ఒక్క కంపెనీ లెక్కతో చూపిస్తాను.

కంపెనీ నేను అల్లుకున్నదే, మన ఊరి వాసన ఉంటుందని రొయ్యల ప్రాసెసింగ్ కంపెనీ అనుకున్నాను. స్టాక్ ఎక్స్ఛేంజ్‌లో లిస్టయింది. షేర్లు 2.25 కోట్లు, ఒక్కోటి ముఖ విలువ 10 రూపాయలు, మార్కెట్లో ధర 260. బ్యాలెన్స్ షీట్‌లో షేర్ క్యాపిటల్, రిజర్వులు కలిపి 200 కోట్లు. అప్పు కూడా 200 కోట్లే. అందులో 100 కోట్లు బ్యాంకు టర్మ్ లోన్, ఫ్లోటింగ్ రేటు, ఇవాళ 10 శాతం పడుతోంది. మిగతా 100 కోట్లు డిబెంచర్లు, వడ్డీలు తక్కువగా ఉన్న రోజుల్లో 8 శాతం కూపన్‌కి అమ్మినవి. అవి తీరడానికి ఇంకా మూడేళ్లుంది.

ఇప్పుడు ఈ కంపెనీ 60 కోట్లు పెట్టి కొత్త ప్రాసెసింగ్ లైను, దాంతో పాటు కోల్డ్ స్టోరేజీ కట్టాలనుకుంటోంది. పన్ను పోగా ఏడాదికి 10.7 కోట్ల నగదు వస్తుంది, పదేళ్లపాటు. ఆ తర్వాత మిషన్లకు స్క్రాప్ విలువ లేదనుకుందాం. కట్టాలా, వద్దా?

ముందు E సంగతి. పుస్తకంలో 200 కోట్లు. కానీ 2.25 కోట్ల షేర్లను 260తో హెచ్చవేస్తే 585 కోట్లు. ఏది రాయాలి? మధురవాడలో పాతికేళ్ల కిందట స్థలం కొన్నవాళ్లు మీలో ఎవరో ఒకరుంటారు. ఇవాళ ఆ స్థలం అమ్ముతారా, ఉంచుకుంటారా అని ఆలోచించేటప్పుడు దస్తావేజులో రాసిన రేటు చూసుకుంటారా? చూడరు. ఇవాళ గజం ఎంత పలుకుతోందో అది చూస్తారు, ఎందుకంటే ఉంచుకోవడం అంటే ఇవాళ్టి రేటు అందులో పెట్టినట్టే. షేర్ కూడా అంతే. ఇవాళ ఈ కంపెనీలో వాటాదారుగా ఉన్న మనిషి 260 రూపాయలు ఇందులో ఉంచాడు, తన రాబడి ఆ 260 మీద ఆశిస్తాడు. ఎప్పుడో 10 రూపాయలకు ఇచ్చిన షేర్, దాని మీద పోగైన రిజర్వులు, ఇవి జరిగిపోయిన చరిత్ర.

ఇక్కడే ఇంకో మాట. కొందరు ప్రమోటర్లు, ఈక్విటీకి ఖర్చేముందండీ, ఏటా 20 శాతం డివిడెండ్ పడేస్తున్నాం కదా అంటారు. ఆ 20 శాతం ముఖ విలువ మీద. అంటే షేరుకు 2 రూపాయలు. 260 పెట్టినవాడికి అది ముప్పావు శాతం. ముప్పావు శాతం కోసం ఎవరూ రొయ్యల కంపెనీ రిస్కు నెత్తిన పెట్టుకోరు. కాబట్టి Ke కోసం డివిడెండ్ రేటు చూడకండి. క్యాప్ఎం పద్ధతిలో వేద్దాం. పదేళ్ల ప్రభుత్వ బాండు రాబడి 6.6 శాతం, బీటా 1.2, మార్కెట్ రిస్క్ ప్రీమియం 7 శాతం అనుకుంటే 6.6కి 8.4 కలిపి 15 శాతం. ఈ మూడూ నేను లెక్క కోసం తీసుకున్నవి. మీరు చేసేటప్పుడు ఆ రోజు బాండు రాబడి చూసుకుని వేసుకోవాలి.

ఇక D. టర్మ్ లోన్ ఫ్లోటింగ్ కాబట్టి రేటు మారినప్పుడల్లా వడ్డీ సర్దుకుంటుంది, దాని విలువ 100 కోట్లే. డిబెంచర్ల దగ్గర కొంచెం ఆగాలి. ఇవాళ ఇదే కంపెనీ కొత్తగా మూడేళ్ల డిబెంచర్లు అమ్మితే మార్కెట్ 10 శాతం అడుగుతుంది అనుకోండి. 8 శాతమే ఇచ్చే పాత కాగితాన్ని 100కి ఎవరు కొంటారు? దాని నుంచి వచ్చేది మొదటి ఏడాది 8, రెండో ఏడాది 8, మూడో ఏడాది అసలుతో కలిపి 108. వీటిని 10 శాతం దగ్గర ఇవాళ్టికి తెస్తే 7.27, 6.61, 81.14 వస్తాయి. కూడితే 95 రూపాయల పైన రెండు మూడు పైసలు. అంటే డిబెంచర్ల మార్కెట్ విలువ 95 కోట్లు, మొత్తం అప్పు 195 కోట్లు.

ఇక్కడ గమనించండి, Kd కూడా 10 శాతమే, 8 కాదు. 8 శాతం అప్పుడు కుదిరిన బేరం. రేపు లైను కోసం అప్పు తెస్తే ఎవరూ 8కి ఇవ్వరు. విలువేమో 95 వేసి, రేటు మాత్రం 8 వేశారంటే ఒకే కాగితాన్ని రెండు రకాలుగా చూసినట్టు. ఆ తగ్గిన 5 రూపాయల్లోనే రేటు పెరిగిన సంగతి ఇమిడి ఉంది. పుస్తకం విలువ 100కీ, మార్కెట్ విలువ 95కీ తేడా చిన్నదే. అప్పు దగ్గర తేడా మామూలుగా ఇలా చిన్నగానే ఉంటుంది, కంపెనీ మునిగే స్థితిలో ఉంటేనో, చాలా ఏళ్ల గడువున్న స్థిర వడ్డీ అప్పు అయితేనో తప్ప. అందుకే డిబెంచర్ల ధర దొరకనప్పుడు అప్పుకి పుస్తకం విలువ వాడేసినా నేను పెద్దగా పట్టించుకోను. ఈక్విటీకి మాత్రం ఒప్పుకోను.

సరే, తూకాలు వేద్దాం. 585, 195 కలిపి 780. ఈక్విటీ 75 శాతం, అప్పు 25 శాతం. పుస్తకం ప్రకారం అయితే చెరి 50.

పన్ను రేటు. ఈ కంపెనీ 2019లో వచ్చిన 115బీఏఏ పద్ధతి ఎంచుకుంది అనుకుందాం. మూల రేటు 22, దాని మీద 10 శాతం సర్‌చార్జి, ఆ మొత్తం మీద 4 శాతం సెస్సు. అన్నీ కలిపి 25.168 శాతం. వంద రూపాయలు వడ్డీ కడితే లాభం వంద తగ్గి, పన్ను 25 రూపాయల 17 పైసలు తగ్గుతుంది. అదే వంద డివిడెండ్‌గా ఇస్తే కంపెనీకి పన్నులో పైసా తగ్గదు. ఫార్ములాలో అప్పు పక్కనే (1 − t) ఉండి, ఈక్విటీ పక్కన లేకపోవడానికి కారణం ఇదే. కాబట్టి 10 శాతం అప్పు అసలు ఖర్చు 7.48 శాతం.

```
మార్కెట్ తూకం: 0.75 × 15 + 0.25 × 7.48 = 13.12%
పుస్తకం తూకం: 0.50 × 15 + 0.50 × 7.48 = 11.24%
```

ఇప్పుడు ప్రాజెక్టు సంగతి చూడండి. ఏడాదికి 10.7 కోట్లు, పదేళ్లు. 11.24 శాతం దగ్గర యాన్యుటీ ఫ్యాక్టర్ 5.83, ప్రస్తుత విలువ 62.4 కోట్లు. 60 పెడితే 2.4 కోట్లు మిగులు, కట్టేయండి అంటుంది లెక్క. 13.12 శాతం దగ్గర ఫ్యాక్టర్ 5.40, విలువ 57.8 కోట్లు. 2.2 కోట్లు నష్టం, వద్దు అంటుంది. రొయ్యా అదే, మిషనూ అదే, మారిందల్లా తూకం ఎక్కడి నుంచి తెచ్చామన్నదే.

(సభలోంచి: సార్, కానీ మేం ఈ ప్రాజెక్టుకి నిజంగానే సగం అప్పు తెస్తున్నాం కదా. బ్యాంకు 30 కోట్లు ఇస్తానంటోంది. అప్పుడు 50-50 వేస్తే తప్పేంటి?)

మంచి ప్రశ్న. అందరూ అడిగేదే. బ్యాంకు ఆ 30 కోట్లు లైనును చూసి ఇవ్వట్లేదండి. వెనక మొత్తం కంపెనీ ఉంది, ఆస్తులు తనఖా ఉన్నాయి, ప్రమోటర్ గ్యారంటీ ఉంది. ఈ లైను, కంపెనీకున్న అప్పు మోసే శక్తిలో తన వాటా కంటే ఎక్కువ వాడేసుకుంటోంది. రేపు ఇంకో ప్రాజెక్టుకి అప్పు పుట్టకపోతే దాన్ని సొంత డబ్బుతో కట్టాలి. అప్పుడు దాని వాక్ 15 అంటామా? ముందొచ్చిన ప్రాజెక్టు చవక, తర్వాతొచ్చింది ఖరీదు అంటే అది లెక్క కాదు, క్యూ. అందుకే తూకం కంపెనీ మొత్తం మీద, అది దీర్ఘకాలం ఉంచుకోదలచిన నిష్పత్తిలో వేస్తాం.

సరే, ఒకవేళ కంపెనీ మార్కెట్ విలువ మీదనే నిజంగా సగం అప్పుకి మారిందనుకుందాం. అప్పుడు 11.24 వస్తుందా? రాదు. ఈ ముక్క కొంచెం జాగ్రత్తగా వినండి. 15 శాతం Ke ఎక్కడిది? బీటా 1.2 నుంచి వచ్చింది. ఆ 1.2 పాతిక శాతం అప్పున్న కంపెనీ బీటా. అప్పు సగానికి పెరిగితే వాటాదారు నెత్తిన రిస్కు పెరుగుతుంది, ఎందుకంటే సీజన్ బాగున్నా లేకున్నా బ్యాంకు వాయిదా ముందు పోవాలి. మిగిలితేనే ఇతనికి. ఆ పెరుగుదలని హమాడా సూత్రంతో ఉజ్జాయింపుగా కట్టవచ్చు.

```
అప్పు లేని బీటా = 1.2 / (1 + 0.748 × 195/585) = 0.96
సగం అప్పుతో బీటా = 0.96 × (1 + 0.748 × 1) = 1.68
Ke = 6.6 + 1.68 × 7 = 18.35%
WACC = 0.50 × 18.35 + 0.50 × 7.48 = 12.92%
```

పాతికలో 13.12, సగంలో 12.92. అప్పు రెట్టింపు చేస్తే వాక్ తగ్గింది అయిదో వంతు శాతం మాత్రమే. అదీ బ్యాంకు పాత 10 శాతానికే ఇస్తుందని అనుకుంటే! సగం అప్పున్న రొయ్యల కంపెనీకి అలా ఇవ్వదు. మోడిగ్లియాని, మిల్లర్ 1958లో చెప్పింది ఇదే. పన్ను లేకపోతే అప్పు, ఈక్విటీ ఎలా కలిపినా మొత్తం ఖర్చు మారదన్నారు. 1963లో పన్ను కలుపుకుని సవరించారు. అప్పు వల్ల ఏమైనా లాభం ఉంటే అది పన్ను ఆదా రూపంలో రావాలి తప్ప, అప్పు చవక కాబట్టి కాదు. 11.24 అనే అంకె ఎలా పుట్టిందంటే, తూకం ఒక కంపెనీది, బీటా ఇంకో కంపెనీది. రెండింటినీ ఒకే లెక్కలో కట్టేశారు.

మరి పన్ను ఆదా ఎంత? కొలిచి చూద్దాం. మన కంపెనీలో 0.25 × 10 × 0.25168, అంటే 0.63 శాతం. అసలు పన్ను కట్టకపోతే వాక్ 13.75, కడితే 13.12. తూకం తప్పు వల్ల వచ్చిన తేడా 1.88. మూడింతలు. అయినా మీటింగుల్లో ఆ 0.63 గురించి అరగంట మాట్లాడి, తూకాలను ఒక్క నిమిషంలో ఓకే చేస్తారు.

అలాగని పన్ను ఆదాను గాలికొదిలేయమనను. దాని దగ్గర జరిగే తప్పు వేరే, రెండుసార్లు లెక్కేయడం. బ్యాంకుకి ఇచ్చే సీఎంఏ డేటాలో లాభం వడ్డీ పోయాక ఉంటుంది, పన్ను దాని మీద కడతాం. ఆ షీట్‌లోని పన్ను అంకెనే ఎత్తి ప్రాజెక్టు నగదు లెక్కలో పెడతారు. 30 కోట్ల అప్పు మీద వడ్డీ 3 కోట్లు. కాబట్టి ఆ షీట్‌లో పన్ను 75.5 లక్షలు తక్కువ. నగదు 10.7 బదులు 11.455 అవుతుంది. దాన్ని 13.12 దగ్గర తగ్గిస్తే 61.9 కోట్లు. మళ్లీ ప్రాజెక్టు లాభాల్లోకి వచ్చేసింది! కానీ వడ్డీ మీద పన్ను ఆదా 7.48లో ఒకసారి తీసుకున్నాం, నగదులో ఇంకోసారి తీసుకున్నాం. అసలైతే అప్పు ఏటా తీరుతుంది కాబట్టి ఆ ఆదా కూడా ఏటా తగ్గాలి, ఆ మాట కూడా మరిచిపోతారు.

ఎలా పట్టుకోవాలి? చాలా సులువు. షీట్‌లో అప్పు అంకెని సున్నా చేయండి. ప్రాజెక్టు నగదు మారిందా? మారకూడదు. మారితే వడ్డీ ఎక్కడో దూరింది. వాక్ వాడేటప్పుడు నగదులో పన్ను, అప్పే లేనట్టు వేయాలి. అంటే వడ్డీకి ముందున్న లాభం మీద 25.168 శాతం.

పన్ను రేటు దగ్గర ఇంకో గుర్తు చెబుతాను. షీట్‌లో 34.944 కనిపిస్తే అది పాత ఫైలు నుంచి కాపీ అయి ఉండవచ్చు. 30 శాతం, 12 శాతం సర్‌చార్జి, 4 శాతం సెస్సు కలిపితే వచ్చే అంకె అది. ఇప్పటికీ ఆ పద్ధతిలో ఉన్న పెద్ద కంపెనీకి సరైనదే, 115బీఏఏకి మారిన కంపెనీకి కాదు. ఆ పద్ధతికి మారితే సెజ్ మినహాయింపు వదులుకోవాలి. అందుకే దువ్వాడ సెజ్‌లో మినహాయింపు వాడుకునే యూనిట్ల లెక్క వేరుగా ఉంటుంది. లాభం మీద మామూలు పన్నే పడని ఏళ్లలో వడ్డీ వల్ల 25 శాతం ఆదా అవుతుందని రాయడానికి వీల్లేదు.

అసలు లాభమే లేకపోతే? 2025 ఆగస్టు చివర్లో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచినప్పుడు మీ కంపెనీల్లో ఎంత టెన్షన్ పడ్డారో నేను చెప్పక్కర్లేదు. అలాంటి ఏడాది నష్టం వస్తే వడ్డీ కట్టినా ఆ ఏడు పన్ను ఆదా సున్నా. నష్టాన్ని ఎనిమిదేళ్ల దాకా ముందుకు తీసుకెళ్లవచ్చు కాబట్టి ఆదా పోదు, ఆలస్యంగా వస్తుంది. మూడేళ్లు ఆలస్యమైతే 10 శాతం దగ్గర రూపాయి ఆదా విలువ 75 పైసలు. అంటే t విలువ 25.17 బదులు దాదాపు 18.9 వేయాలి. వాక్ 13.12 నుంచి 13.28 అవుతుంది. ఇదంతా చేసి తేడా 0.16! ఒకట్రెండు నష్టపు ఏళ్ల కోసమైతే వాక్‌ని కదపకండి. నష్టాలు పాతుకుపోయిన కంపెనీ అయితే మాత్రం మొత్తం బ్రాకెట్టే తీసేయాలి.

ఇంకేమైనా అడగండి.

(ప్రశ్న: మాది లిస్టెడ్ కాదు సార్. 260 లాంటి ధర మాకెక్కడిది?)

మన ఊళ్లో చాలా కంపెనీల పరిస్థితి అదేనమ్మా. అలా అని పుస్తకం విలువకు వెళ్లిపోకూడదు. మీ వ్యాపారమే చేసే లిస్టెడ్ కంపెనీలు మూడో నాలుగో తీసుకోండి. వాటి బీటాల్లోంచి అప్పు ప్రభావం తీసేయండి, ఇందాక మనం 1.2ని 0.96 చేసినట్టు. వాటి మధ్యస్థం తీసుకుని, ఆ కంపెనీల్లో మార్కెట్ విలువ మీద అప్పు వాటా సగటున ఎంతుందో ఆ నిష్పత్తిలో మళ్లీ అప్పు ఎక్కించండి. ఆ వాక్‌తో మీ కంపెనీ నగదును విలువ కట్టండి. వచ్చిన విలువలోంచి మీ అప్పు తీసేస్తే మీ ఈక్విటీ వస్తుంది. ఆ తూకం మీరు మొదట అనుకున్న తూకానికి దగ్గరగా ఉందా? లేకపోతే కొత్త తూకంతో బీటా, Ke, వాక్ మళ్లీ వేయాలి. నాలుగైదు చుట్లలో మామూలుగా స్థిరపడుతుంది. ఎక్సెల్ సర్క్యులర్ రిఫరెన్స్ అని అరుస్తుంది, ఇటరేటివ్ క్యాలిక్యులేషన్ ఆన్ చేసుకోండి. చుట్టు చుట్టుకీ అంకె దూరం జరుగుతోందంటే మీ అప్పు మీ విలువకు మించి ఉందేమో చూసుకోండి.

(ప్రశ్న: ప్యాకింగ్ క్రెడిట్ కూడా D లో కలపాలా? మాకు డాలర్లలో చవగ్గా వస్తుంది.)

సీజన్‌లో పెరిగి తర్వాత తీరిపోయే భాగం వద్దు. ఏడాది పొడవునా తగ్గకుండా ఉండిపోయే మట్టం ఎంతో, అది మాత్రం అప్పే, కలపండి. చెరువు రైతులకు, ఐస్ ఫ్యాక్టరీకి ఇవ్వాల్సిన బాకీలు కలపకండి, అవి వర్కింగ్ క్యాపిటల్ లెక్కలో పోయాయి. ఇక రేటు. డాలర్ అప్పు 6 శాతమని రూపాయి నగదు పక్కన 6 పెట్టకూడదు. రూపాయి ఏటా ఎంత పడిపోతుందని మార్కెట్ అనుకుంటోందో ఫార్వర్డ్ ప్రీమియంలో కనిపిస్తుంది. అది కలిపి రూపాయి రేటు చేసుకోండి. పదేళ్ల లైనుకి ఆర్నెల్ల అప్పు రేటు కొలత కాదన్నది అంతకంటే పెద్ద విషయం.

(ప్రశ్న: షేర్ ధర ఏ రోజుది వేయాలి సార్? నిన్న 260, వచ్చే వారం 210 అయితే?)

విలువ కట్టే రోజుది. ఒక్క రోజు ధర మరీ ఎగుడుదిగుడుగా ఉంటే కొన్ని వారాల సగటు. 210 అయినా E 472 కోట్లు, ఈక్విటీ తూకం 71 శాతం దగ్గర ఉంటుంది. బీటా అలాగే ఉంచితే వాక్ 12.8. ప్రాజెక్టు విలువ 58.5 కోట్లు, అప్పటికీ 60కి చాలదు. అంత పడ్డాక కూడా, పుస్తకం తూకానికి మీరు సగం దూరం కూడా వెళ్లలేదు.